గుడ్లగూబ చందమామ గుట్టు కనిపెట్టే కథ: పిల్లల కోసం ఎలా రాయాలి

చందమామ రోజుకో ఆకారంలో ఎందుకు కనిపిస్తాడో తెలుసుకోవాలని ఒక గుడ్లగూబకు ఆరాటం. నాలుగు వందల మాటల్లో అయిపోయే కథే. కానీ ఇలాంటి కథలు మామూలుగా రెండు చోట్ల తప్పిపోతాయి. ఒకటి, గుడ్లగూబ తనంతట తాను ఏమీ కనిపెట్టదు. ముసలి గుడ్లగూబో, చందమామో వచ్చి పాఠం చెప్పేసి పోతారు. రెండోది, ఆకాశం తప్పుగా ఉంటుంది. అర్ధరాత్రి నడినెత్తిన నెలవంక వెలుగుతూ ఉంటుంది, అలాంటిది ఏ ఊళ్లోనూ కనిపించదు. ఈ రెండూ జరగకుండా, తిరుపతి పక్కనున్న చంద్రగిరిలో ఒక వెలగచెట్టు మీద కథ పెట్టి, ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఎలా రాయాలో వరసగా చూద్దాం.

ముందు మీరు మూడు సాయంత్రాలు ఆకాశం చూడండి

కాగితం తీసుకునే ముందు పంచాంగం తీయండి. మన తిథి అంటేనే సూర్యుడి నుంచి చంద్రుడు ఎంత దూరం జరిగాడన్న లెక్క. చంద్రుడు సూర్యుడికి 12 డిగ్రీలు దూరమైతే ఒక తిథి నిండుతుంది. 30 తిథులకు 360 డిగ్రీలు, ఒక చుట్టు పూర్తి. ఈ చుట్టుకు, అంటే అమావాస్య నుంచి అమావాస్యకు, సుమారు 29న్నర రోజులు పడుతుంది. అంటే తిథి పేరు చెప్పగానే చందమామ ఆకారమూ, సాయంత్రం అతను ఆకాశంలో ఎక్కడ ఉంటాడన్నదీ రెండూ చెప్పేసినట్టే. కథ రాసేవాళ్లకు ఇంతకంటే మంచి పనిముట్టు లేదు.

శుక్ల తదియ, పంచమి, సప్తమి నాడు సాయంత్రం ఒకే సమయానికి, ఆరుముప్పావుకు, మిద్దె ఎక్కండి. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి అడ్డం ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు. బొటనవేలి వెడల్పు 2 డిగ్రీలు. రోజుకు ఒక పిడికిలి, ఒక బొటనవేలు చొప్పున చందమామ పడమటి నుంచి పైకి జరుగుతూ ఉంటాడు. జరిగేకొద్దీ లావవుతాడు. ఈ రెండూ కలిసే జరుగుతాయని మీరు కళ్లారా చూడాలి. ఎందుకంటే చివరికి మీ గుడ్లగూబ పట్టుకోబోయే ఆనవాలు ఇదే. ఆకారం ఒక్కటే చూస్తూ కూర్చుంటే గుట్టు దొరకదు. సూర్యుడు ఎటు ఉన్నాడో కూడా కలిపి చూస్తేనే దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. తిథి అర్ధరాత్రికి మారదు, పగలో రాత్రో ఎప్పుడైనా మారుతుంది. క్యాలెండరులో ఆ రోజు గడిలో ఉన్న తిథి ఉదయానిది. మీకు కావలసింది సాయంత్రం ఉన్న తిథి. ఎన్ని గంటల వరకు అని పక్కన రాసి ఉంటుంది, అది చూసుకోండి.

గుడ్లగూబే ఎందుకు, ఏ గుడ్లగూబ

మన చింతతోపుల్లో, పాత గోడల సందుల్లో కనిపించే చిన్న రకాన్ని తీసుకోండి. జానెడు కంటే పెద్దగా ఉండదు. ఒళ్లంతా తెల్ల చుక్కలు, పసుపు పచ్చని కళ్లు. చెట్టు తొర్రలో ఉంటుంది, ఎక్కువగా పురుగులు తింటుంది. మునిమాపున బయటికొచ్చి, మళ్లీ తెల్లవారుజామున హుషారుగా ఉంటుంది. నెలవంకలు కనిపించేవి సరిగ్గా ఈ రెండు వేళల్లోనే. పెద్ద కొమ్ముల గుడ్లగూబను కూర్చోబెడితే బొమ్మ గంభీరంగా ఉంటుంది గానీ, పిల్లలు తమతో సమానంగా చూసుకోరు. చుక్కల దానికి చుక్కి అని పేరు పెడదాం.

గుడ్లగూబకు ఇంకొక గుణం ఉంది. కథంతా దానిమీదే నిలబడుతుంది. దాని కళ్లు గుంతల్లో కదలవు. పక్కకు చూడాలంటే తలే తిప్పాలి. ఒంటిని కదపకుండా ఒక పక్కకు 270 డిగ్రీల దాకా, అంటే ముప్పావు చుట్టు తిప్పగలదు. చెట్టు నడిమధ్య కూర్చుని తల తిప్పుతూ చుట్టూ చూసే ప్రాణి మనకు కావాలి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

గుడ్లగూబ ఇంటిమీద వాలితే కీడు అనే మాట మన ఊళ్లలో ఇంకా ఉంది. దాన్ని కథలోకి తేవద్దు, ఖండించడానికి కూడా తేవద్దు. ఖండించాలంటే ముందు చెప్పాలి. అంతవరకూ ఆ మాట విననే వినని బిడ్డకు మీరే నేర్పినట్టవుతుంది.

పక్కన ఒక ఉడుత చాలు. చుక్కి నిద్ర లేచే వేళకు ఉడుత పడుకోబోతుంది. ఇద్దరూ కలిసేది ఆ పావుగంటే కాబట్టి మాటలు వాటంతటవే పొట్టిగా వస్తాయి. పైగా ఉడుతకు లోకమంతా కొరకడమే. చందమామను ఎవరో కొరికారని అది అనుకోవడం సహజం. మనకు కావలసిన తప్పు ఊహ దానికదే దొరికింది.

మొదటి సాయంత్రం: తదియ

కథను మాఘ శుద్ధ తదియ నాడు మొదలుపెట్టండి. చలికాలం చివర, ఆకాశం తేటగా ఉంటుంది. వెలగచెట్టు ఆకు పలచబడి కాయలు బయటికి కనిపిస్తుంటాయి. ఆ వేళకు చందమామ పడమట, సూర్యుడు దిగిపోయిన చోటికి పైన ఉంటాడు. ఎనిమిది దాటేసరికి అతనూ దిగిపోతాడు.

ఇక్కడ బొమ్మ గీసేవాళ్లతో గట్టిగా చెప్పవలసిన సంగతి ఒకటుంది. చలి దేశాల పుస్తకాల్లో నెలవంక కొడవలిలా నిలువుగా నిలబడి ఉంటుంది. తిరుపతి భూమధ్యరేఖకు దగ్గర, పదమూడున్నర డిగ్రీల ఉత్తరాన ఉంది. ఇక్కడ మాఘమాసపు తదియ నెలవంక పడవలా వెల్లకిలా పడుకుని ఉంటుంది. వెలుగున్న అంచు కిందికి, సూర్యుడు దిగిన వైపుకు ఉంటుంది. పడవ గీయండి. నిలువు కొడవలి గీస్తే, మిద్దె మీదికి పరిగెత్తి చూసిన పిల్లకు పుస్తకం ఒకలా, చందమామ ఇంకోలా కనిపిస్తాయి. ఆ పిల్ల ఏదో ఒకదాన్ని నమ్మడం మానేస్తుంది.

తదియ నాడు ఇంకొక విశేషం. ఆ పడవలో మిగతా చందమామ బూడిదరంగులో మసకగా, గుండ్రంగా కనిపిస్తుంది. భూమి మీద పడిన ఎండ తిరిగి చందమామ మీద పడి వచ్చే మసక వెలుగది. కథలో దాని కారణం చెప్పనక్కర్లేదు. కానీ చుక్కి దాన్ని చూడాలి. ఉడుత మాట తప్పని చుక్కికి అనుమానం పుట్టేది అక్కడే. ఈ పేజీ ఇలా నడవవచ్చు:

> వెలగచెట్టు తొర్రలోంచి చుక్కి తల బయటికి పెట్టింది.
> పడమట చందమామ. సన్నంగా, పడవలాగా.
> "చూసినావా అక్కా? ఎవురో కొరికేసినారు!" అనింది ఉడుత.
> "ఎవరు?"
> "నాకేం తెల్సు? నేనైతే కాదు." ఉడుత ఆవలించి గూట్లోకి దూరింది.
> చుక్కి కళ్లు పెద్దవి చేసి చూసింది. ఇంకా చూసింది.
> పడవలో ఏదో కూర్చోని ఉండాది. మసకగా, గుండ్రంగా.
> మిగతా చందమామ! ఎక్కడికీ పోలేదు. అక్కడే ఉండాడు.
> "కొరికేసి ఉంటే, మిగతాది ఎట్లా కనిపిస్తుంది?"

ఒకటి గమనించండి. ఇక్కడ ఎవరూ జవాబు చెప్పలేదు. తప్పు ఊహ ఒకటి పుట్టింది, దానికి ఎదురు నిలిచే సంగతి ఒకటి కంటబడింది, ప్రశ్న మిగిలింది. మొదటి మూడు నాలుగు పేజీలకు ఇంతకంటే వద్దు.

రెండో సాయంత్రం: రథసప్తమి

ఇదే కథకు గుండెకాయ. ఎక్కువ మాటలు, ఎక్కువ పేజీలు దీనికే ఇవ్వండి.

నాలుగు రోజుల తర్వాత సప్తమి. మాఘ శుద్ధ సప్తమి కాబట్టి రథసప్తమి. తిరుమలలో ఆ రోజు వాహన సేవలు పొద్దున సూర్యప్రభతో మొదలై రాత్రి చంద్రప్రభతో ముగుస్తాయి. మన పిల్లలు చాలామందికి తెలిసిన రోజు. సూర్యుడూ చంద్రుడూ ఒకే రోజు ఊరేగే ఆ పండగకూ, చుక్కికి ఆ ఇద్దరూ ఒకేసారి ఆకాశంలో కనిపించడానికీ పొత్తు కుదురుతుంది. ఒక్క వాక్యంలో తాకి వదిలేయండి. పండగ వర్ణనలోకి పోతే చెట్టు మీది సంగతి చల్లారిపోతుంది.

ఆ సాయంత్రం ఐదున్నరకు ఆకాశం ఇలా ఉంటుంది. సూర్యుడు పడమట, ఒక పిడికిలి ఎత్తులో. చందమామ దాదాపు నడినెత్తిన, సగానికి ఒక్క పిసరు తక్కువగా, వెలుగు సగం పడమటి వైపు. చుక్కి ఆ రోజు కొంచెం ముందే లేవాలి. ఈ రకం గుడ్లగూబలు పగలు కూడా అప్పుడప్పుడు బయట కనిపిస్తాయి కాబట్టి అది అబద్ధం కాదు.

ఇప్పుడు వెలగకాయలు. వెలగకాయ గుండ్రంగా, బూడిద కలిసిన తెలుపులో, పిల్లలు ఆడుకునే బంతి అంత ఉంటుంది. మామిడికాయ పెట్టకండి. చిత్తూరు అనగానే మామిడి గుర్తొస్తుంది గానీ, అది గుండ్రం కాదు, ఆకు దట్టం, పైగా మాఘంలో పూతే ఉంటుంది. వెలగకాయలు చుక్కి చుట్టూ నాలుగు దిక్కులా, నెత్తి మీదా వేలాడుతున్నాయి. దిగుతున్న ఎండ వాటన్నిటి మీదా ఒకే వైపు నుంచి, పడమటి నుంచి పడుతుంది. ప్రతి కాయకూ సరిగ్గా సగం ఎండలో, సగం నీడలో ఉంటుంది. కానీ మధ్యన కూర్చున్న చుక్కికి అన్నీ ఒకేలా కనిపించవు.

పడమటి కాయ, సూర్యుడి వైపున కొంచెం పైన ఉన్నది, తన చీకటి సగాన్ని చుక్కికి చూపిస్తుంది. కింది అంచున మాత్రం సన్నని వెలుగు గీత, పడవలాగా. నెత్తి మీది కాయ సగం వెలుగు, సగం చీకటి. తూర్పు కాయ మీద చుక్కికి కనిపించేదంతా వెలుగే, నిండుగా. చెట్టు కదల్లేదు, కాయలు కదల్లేదు. తల ఒక్కటి తిప్పితే తదియ, సప్తమి, పౌర్ణమి మూడూ ఒకే చెట్టుకు కాశాయి. గుడ్లగూబ మెడ మనకు కావలసింది ఇందుకే.

దీపం చుట్టూ బంతి తిప్పే పద్ధతి కంటే చెట్టునే ఎందుకు ఎంచుకోవాలంటే, కాయలు చుక్కి చుట్టూ ఉన్నాయి, చుక్కి మధ్యలో ఉంది. నిజంగా కూడా చందమామ మన చుట్టూ తిరుగుతాడు, మనం మధ్యలో ఉంటాం. ఒకే కాయ పెట్టి దాని చుట్టూ చుక్కి ఎగిరినట్టు రాసినా ఆకారాలు వస్తాయి. కానీ అప్పుడు బిడ్డ మనసులో చందమామ ఒకచోట నిలబడితే మనం చుట్టూ తిరుగుతున్నట్టు పడిపోతుంది. తర్వాత దాన్ని సరిచేయడం కష్టం.

> చుక్కి పడమటికి తల తిప్పింది.
> కొమ్మ చాటున ఎండ. పైన వెలగకాయ. దాని అంచున సన్నని వెలుగు.
> "తదియ చందమామ!"
> తల పైకెత్తింది. నెత్తి మీద ఒక కాయ. సగం వెలుగు, సగం చీకటి.
> ఆ కాయ పక్కనే, దూరంగా, ఆకాశంలో చందమామ.
> సగం వెలుగు, సగం చీకటి.
> కాయా చందమామా ఒకేలాగా ఉండారు!
> చుక్కి మెల్లగా తూర్పుకు తిప్పింది. అక్కడ ఇంకో కాయ.
> గుండ్రంగా, నిండుగా, తళతళా.
> "కాయల్ని ఎవురూ కొరకలేదు. ఎండ ఒకే వైపు నుంచి పడతా ఉండాది. నేను ఎటు చూస్తే అట్లా కనిపిస్తాయి."

ఆఖరి మాట మీద ఎంతసేపైనా కూర్చోవచ్చు. దాన్ని ఇంకా పొడిగించాలన్న కోరిక పుడుతుంది. భూమి, కక్ష్య, పరిభ్రమణం అని మాటలు వచ్చి చేరతాయి. రానివ్వకండి. ఎండ ఒకే వైపు నుంచి, కాయకు ఎప్పుడూ సగం వెలుగు, మనకు కనిపించే భాగం మారుతుంది. ఎనిమిదేళ్ల లోపు బిడ్డకు ఈ మూడూ చాలు, మూడూ నిజాలే.

పడమటి కాయ దగ్గర సూర్యుణ్ణి కొమ్మ చాటున పెట్టడం మరిచిపోవద్దు. చుక్కిని చూసి పిల్లలు తామూ అలా చూడబోతారు. సూర్యుడి వైపు నేరుగా చూడకూడదన్న హెచ్చరికను విడిగా రాసే కంటే బొమ్మలోనే అడ్డం పెట్టడం మేలు.

రాసే ముందు మీరే చేసి చూడండి

శుక్ల సప్తమి, అష్టమి రోజుల్లో సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర మధ్య ఎండలో నిలబడండి. చందమామ అప్పటికే ఆకాశంలో ఉంటాడు. సున్నం పూసిన నిమ్మకాయను పుల్లకు గుచ్చి, చెయ్యి చాచి, చందమామ పక్కకు వచ్చేలా పట్టుకోండి. నిమ్మకాయ మీదా చందమామ మీదా వెలుగు ఒకే ఆకారంలో ఉంటుంది. నిమ్మకాయ మీద చెట్టు నీడో గోడ నీడో పడకూడదు, అంతే. ఇది ఒక్కసారి చూశాక సప్తమి పేజీ మీ చేత్తో వేరేగా వస్తుంది.

వర్షాకాలంలో రాస్తున్నవాళ్లు గదిలో చేయవచ్చు. గది చీకటి చేసి, చుట్టూ మూతేదీ లేని ఒక్క బల్బును తల ఎత్తులో పెట్టండి. ఆరడుగుల దూరంలో నిలబడి, తెల్లని బంతిని చాచిన చేత్తో తలకంటే కొంచెం పైకి పట్టుకుని, బల్బు వైపు నుంచి మెల్లగా ఎడమకు తిరగండి. చంద్రుడు రోజూ జరిగే దిక్కు అదే, కాబట్టి శుక్ల పక్షం వరసగా వస్తుంది. ట్యూబులైటు పనికిరాదు, పొడుగు వెలుగు కాబట్టి అంచు చెదిరిపోతుంది. తెల్ల గోడలు దగ్గరగా ఉంటే వెలుగు తిరిగి కొట్టి చీకటి సగం కూడా తెల్లబడుతుంది. బంతిని కిందికి దించితే, బల్బుకు వీపు పెట్టిన చోట మీ తల నీడ బంతిని కప్పేస్తుంది. అది చంద్రగ్రహణం. ఈ తప్పు చేసి చూడటం మంచిదే, ఎందుకంటే తర్వాతి సంగతి దాని గురించే.

భూమి నీడ అని రాయకండి

చదువుకున్న పెద్దవాళ్లు కూడా ఎక్కువగా చేసే తప్పు ఇది. చందమామ తగ్గడానికి కారణం భూమి నీడ పడటమని అనేస్తారు. భూమి నీడ పడేది గ్రహణం నాడు ఒక్కటే. మామూలు రోజుల్లో చందమామ మీది చీకటి అతని సొంత నీడే, కాయకు అవతలి వైపు ఉన్న నీడ లాంటిదే.

తప్పని ఎలా తెలుసుకోవాలి? సప్తమి సాయంత్రమే సాక్ష్యం. సూర్యుడు పడమట ఉంటే భూమి నీడ తూర్పుకు, నేల కిందుగా పోతుంది. చందమామ నెత్తి మీద ఉన్నాడు. నీడకూ అతనికీ సంబంధమే లేదు, అయినా సగమే కనిపిస్తున్నాడు. ఇంకోటి, భూమి నీడ అంచు గుండ్రంగా వంగి ఉంటుంది. సగం చందమామను చీల్చే గీత నిటారుగా ఉంటుంది. గుండ్రని నీడ నిటారు గీతను ఎక్కడి నుంచి తెస్తుంది?

కథలో తూర్పు కాయ దగ్గర ఈ తప్పు సందు చూసుకుని దూరుతుంది. సూర్యుడు వెనక, చుక్కి మధ్యన, కాయ ముందు. చుక్కి నీడ కాయ మీద పడదా అని ఏదో ఒక పిల్ల అడుగుతుంది. అందుకే తూర్పు కాయను చుక్కి కంటే కాస్త పై కొమ్మకు వేలాడదీయండి. చుక్కి నీడ కింద ఆకుల మీద పడిపోతుంది. చందమామ దారి కూడా సూర్యుడి దారికి 5 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టే చాలా పౌర్ణమిలకు భూమి నీడను తప్పించుకుని పైనుంచో కిందనుంచో పోతాడు. ఇది కథలో రాయొద్దు. అడిగే బిడ్డకు చెప్పడానికి మీ దగ్గర ఉంచుకోండి.

మూడో సాయంత్రం: పౌర్ణమి

చుక్కికి గుట్టు తెలిసింది. అక్కడితో ఆపేస్తే అది ఊహ మాత్రమే. తాను అనుకున్నది నిజమో కాదో చూసుకోవాలి. సప్తమి నాడే ఉడుతతో చెప్పనివ్వండి: "నిండు కాయ తూర్పున ఉండాది. చందమామ నిండేనాటికి తూర్పుకే వస్తాడు. పొద్దు ఇటు మునిగేటప్పుడు అటు లేస్తాడు. పందెం!" ఉడుత పందెం కాస్తుంది. మధ్యలో ఎనిమిది రోజులు, ప్రతి సాయంత్రం చందమామ తూర్పుకు జరుగుతూ లావవుతూ ఉండటం ఒకే బొమ్మలో వరసగా చూపించవచ్చు. దానికి మాటలు అక్కర్లేదు.

పౌర్ణమి సాయంత్రం ఆరుంబావు ప్రాంతంలో పడమట పొద్దు మునుగుతుంటే తూర్పున, తిరుపతి దిక్కున, చందమామ లేస్తాడు. నిమిషాల లెక్కన ఒకేసారి జరగకపోవచ్చు, కొంచెం అటూ ఇటూ అవుతుంది. అందుకే "అదే నిమిషానికి" అని రాయకుండా "పొద్దు మునిగే వేళకు" అని రాయండి. చంద్రగిరికైనా తిరుపతికైనా తిరుమల కొండ ఉత్తరాన ఉంటుంది. ఏడుకొండల వెనక నుంచి నిండు చందమామ లేచే బొమ్మ ఎంతో అందంగా ఉంటుందని అందరూ గీస్తారు, కానీ ఈ ఊళ్ల నుంచి అలా కనిపించదు. కొండను పేజీకి ఎడమ పక్కన పెట్టి, చందమామను ఎదురుగా తూర్పున లేపండి. ప్రతి పౌర్ణమికీ తిరుమలలో గరుడ సేవ జరుగుతుంది. కొండమీద దీపాలు కనిపిస్తున్నట్టు గీస్తే ఆ రోజేమిటో మన పిల్లలు చెప్పకుండానే పట్టుకుంటారు.

ఉడుత ఓడిపోతుంది. ఓడినందుకు ఒక వెలగకాయ దొర్లించుకుంటూ తెచ్చి ఇస్తుంది. చుక్కి వెలగకాయ తినదు కదా. తినకుండా పక్కన పెట్టుకుని వెన్నెల్లో దాన్ని తిప్పి చూసుకుంటుంది. కథ అక్కడ ఆగితే చాలు.

బహుళ పక్షం వదిలేశామే అనిపిస్తే, చివరి అట్ట లోపల మాటలు లేని ఒక బొమ్మ పెట్టండి. బహుళ త్రయోదశి, తెల్లవారుజాము ఐదు గంటలు, తూర్పున మళ్లీ పడవ లాంటి నెలవంక, ఇంకా లేవని సూర్యుడి వైపుకు వెలుగు అంచు. ఉడుత నిద్రలో ఉంటుంది, చుక్కి ఒక్కతే చూస్తూ ఉంటుంది. బహుళ అష్టమి చందమామ మాత్రం అర్ధరాత్రికి గానీ లేవడు. దాన్ని సాయంత్రపు బొమ్మలో పెట్టారంటే తప్పే.

మాటల దగ్గర

తెలుగులో చందమామ పెరిగాడు, తరిగాడు అనడం అలవాటు. మామూలు మాటల్లో తప్పేమీ లేదు. ఈ కథలో మాత్రం ఆ రెండు క్రియలూ ఉడుతకే ఇవ్వండి. చుక్కి నోట "కనిపించాడు" అనే రావాలి. మొదటి పేజీలో చుక్కి కూడా "తగ్గిపోయినాడే" అనొచ్చు. సప్తమి తర్వాత అనకూడదు. ఆ తేడాను పిల్లలు పేరు పెట్టి చెప్పలేకపోయినా వింటారు.

చందమామ చేత మాట్లాడించకండి. మామ అని పిలవచ్చు, పాట పాడవచ్చు, కానీ అతను నోరు విప్పితే మొదట అడిగేది "ఎందుకిలా అయ్యావు" అనే. అతను చెప్పేస్తాడు, చుక్కి పని అయిపోతుంది. వినాయకచవితి నాటి శాపం కథ చాలామంది పిల్లలకు ఇంట్లో అవ్వ చెప్పి ఉంటుంది. దాన్ని ఈ కథలోకి లాగి తప్పని అనిపించవద్దు. ఆ కథకు దాని చోటుంది. పిల్ల తానుగా అడిగితే, చవితి నాడు చందమామ సన్నగా పడమట ఉంటాడని, ఏ చెట్టు కాయ అలా కనిపిస్తుందో చూడమని అనండి.

సంభాషణలు చిత్తూరు యాసలో, కథనం మామూలు వాడుక తెలుగులో ఉంటే చదివేవాళ్లకు తడబాటు ఉండదు. చుక్కి బాగా ఉబ్బితబ్బిబ్బయిన చోట కథనంలోకి కూడా యాస జారితే జారనివ్వండి, బాగుంటుంది. వాక్యం ఎనిమిది మాటలు దాటకుండా చూసుకోండి. నాలుగు ఎ4 కాగితాలు మధ్యకు మడిచి కుడితే పదహారు పేజీలు వస్తాయి. అట్టలు, పేరు పోగా పన్నెండు మిగులుతాయి. తదియకు మూడు, సప్తమికి ఐదు, మధ్య రోజులకు ఒకటి, పౌర్ణమికి మూడు ఇస్తే సరిపోతుంది.

చదివి వినిపించేటప్పుడు వీలైతే ఒకేసారి పూర్తి చేయకండి. శుక్ల తదియ సాయంత్రం మొదటి మూడు పేజీలు చదివి, మిద్దె మీదికి తీసుకుపోయి పడవ చూపించి, పుస్తకం మూసేయండి. సప్తమి నాడు ఐదున్నరకు, నిమ్మకాయ చేతికిచ్చి, తర్వాతి ఐదు. పందెం దగ్గర ఆపండి. చివరి మూడు పేజీలు పౌర్ణమి సాయంత్రం ఆరుకు, తూర్పు ముఖంగా కూర్చోబెట్టి మొదలుపెట్టండి. మబ్బు పట్టిందంటే చదవడం కూడా ఆపి, మరుసటి నెల పౌర్ణమికి దాచిపెట్టండి.